నాలుగు రకాల సబ్బు, క్రీము: పేర్లు ఒకే ఇంటివి అనిపించాలి, ఒకదానికొకటి కలిసిపోకూడదు

స్వర్ణముఖి తీరం (తిరుపతి)

అందరికీ నమస్కారం. చంద్రగిరి దగ్గర మేం ముగ్గురు ఆడవాళ్లం కలిసి చిన్న యూనిట్ నడుపుతున్నాం. ఇన్నాళ్లూ లేబుల్ లేకుండా తెలిసినవాళ్లకే సబ్బులు, ముఖానికి రాసుకునే క్రీము ఇస్తూ వచ్చాం. ఇప్పుడు కాస్మెటిక్స్ లైసెన్సు చేతికొచ్చింది. ఇక పేరు పెట్టి తిరుపతి, చిత్తూరు షాపుల్లో ఉంచాలి.

రకాలు నాలుగు. వేపది జిడ్డు చర్మానికి. మామిడి టెంకలోని జీడి నుంచి తీసే వెన్న ఎక్కువ వేసింది పొడి చర్మానికి. కస్తూరి పసుపుది ఎండకి కమిలిన ముఖానికి. కలబందది సున్నితమైన చర్మానికి. ప్రతి రకంలోనూ ఒక సబ్బు, ఒక క్రీము. అంటే మొత్తం ఎనిమిది.

మొత్తానికి కలిపి ‘వన’ అని, లేబుల్ మీద పక్కన ‘ఆర్గానిక్’ అని అనుకున్నాం. దాని కింద రకాలకి వనజ, వనిత, వనిక, వనశ్రీ. అక్కచెల్లెళ్ల పేర్లలా ఒకదాని పక్కన ఒకటి ముచ్చటగా ఉన్నాయని నాకు, మా వదినకి అనిపించింది. మూడో ఆమె మాత్రం ఒప్పుకోలేదు. ‘ఏది వేపదో, ఏది పసుపుదో నాకే గుర్తుండట్లేదు, కొనేవాళ్లకి ఎలా గుర్తుంటుంది’ అంటోంది. లేబుళ్లు ప్రింటింగ్‌కి ఇచ్చే ముందు మీ మాట వినాలి. అన్నీ ఒకే ఇంటివని చూడగానే తెలియాలి, కానీ వేప అడిగిన మనిషి చేతికి పసుపు వెళ్లకూడదు. ఎలా పెట్టమంటారు?

నందు డిజైన్స్ (తిరుపతి)

అక్కా, పేర్లు చాలా బాగున్నాయి, మార్చొద్దు. గుర్తుపట్టే పని రంగుకి వదిలేయండి. వేపకి ఆకుపచ్చ, పసుపుకి పసుపు, మామిడికి నారింజ, కలబందకి లేత నీలం. షెల్ఫులో పక్కపక్కన పెడితే కుటుంబంలా కనిపిస్తాయి, రంగుతో తేడా తెలిసిపోతుంది. పేరుకి అంత బరువు పెట్టాల్సిన పని లేదు.

ఇంకో మాట. ఒకే మొదలు ఉన్న పేర్లు కాబట్టి ట్రేడ్‌మార్క్ కూడా సిరీస్ కింద ఒకే దరఖాస్తులో అయిపోతుంది. నాలుగు విడి పేర్లయితే నాలుగుసార్లు ఫీజు కట్టాలి. ఖర్చు పరంగా కూడా మీ ఆలోచనే మేలు.

కుప్పం రైతు

అమ్మా, ఆర్గానిక్ అని వేయాలంటే ముందు పొలానికి సర్టిఫికెట్ ఉండాలి. పంటని బట్టి రెండు మూడేళ్లు మందులు కొట్టకుండా చూపించాలి. మా ఊళ్లో గ్రూపుగా చేరి తీసుకున్నాం. వేపాకు, పసుపు ఎక్కడ కొంటున్నారో ఆ రైతు కాగితం అడిగి పెట్టుకోండి.

స్వర్ణముఖి తీరం

అన్నా, కాగితాలు తీసుకుంటున్నాం, థాంక్స్. ఇక్కడ నా ప్రశ్న పేర్ల గురించి.

కౌంటర్ వెనక (చిత్తూరు)

చాలా ఏళ్లు మందుల షాపు నడిపి ఇప్పుడు మా అబ్బాయికి అప్పజెప్పాను. ఈ ప్రశ్న నాకు బాగా దగ్గరిది కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండమ్మా.

కొనేవాళ్లు పేరు చదివి అడగరు, గుర్తున్నంత వరకు పలికి అడుగుతారు. పేరులో మొదటి భాగం గుర్తుంటుంది, చివర గొంతులో కలిసిపోతుంది. మీ పేర్లలో మొదటి అక్షరం అన్నిటికీ ఒకటే, రెండోది న లేకపోతే ని. తేడా అంతా చివర పెట్టారు, అంటే మనిషి సరిగ్గా పలకని చోట పెట్టారు. పైగా మన మాటలో ఇంకో సంగతి ఉంది. కౌంటర్ దగ్గర ఎవరూ ‘వనజ ఉన్నదా’ అని విడమరిచి అడగరు. ‘వనజుందా’, ‘వనితుందా’, ‘వనికుందా’ అంటారు. చివరి అచ్చు పోయింది, మిగిలింది మధ్యలో ఒక్క హల్లు. రోడ్డు మీద బస్సు హారన్ కొడుతుంటే ఆ జ, త, క ఎవరికి వినపడుతుంది? కుర్రాడు చేతికి అందిన డబ్బా తీసి ఇస్తాడు.

మందుల్లో దీన్ని పెద్ద సమస్యగానే చూస్తారు. అమెరికాలో కడుపులో యాసిడ్ తగ్గించే ఒమెప్రజోల్‌ని మొదట ‘లోసెక్’ అని అమ్మారు. ఒంట్లో నీరు తీసే ‘లాసిక్స్’ అప్పటికే ఉంది. చేతిరాతలో, ఫోన్లో రెండూ కలిసిపోయి ఒకదానికి బదులు ఇంకోటి ఇచ్చేశారు. చివరికి 1990లో లోసెక్ పేరుని అక్కడ ‘ప్రైలోసెక్’గా మార్చారు. మార్చింది ఎక్కడో చూడండి. పేరు ముందు.

మార్చలేని పాత పేర్లకి ఒక కట్టు కడతారు. ప్రెడ్నిసోన్, ప్రెడ్నిసోలోన్ అనే రెండు మందుల పేర్లని ఇంగ్లిష్‌లో predniSONE, prednisoLONE అని తేడా ఉన్న ముక్కని పెద్దక్షరాల్లో రాస్తారు. తెలుగులో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లేవు, ఆ కట్టు మనకి పనికిరాదు. మీవి ఇంకా ప్రింట్ కాలేదు కాబట్టి కట్టుతో పనే లేదు, పేరే మార్చుకోవచ్చు.

నా మాట ఏమిటంటే, నాలుగు రకాల పేర్లు నాలుగు వేరే అక్షరాలతో మొదలవ్వాలి. వాటిని కలిపే పని పైనున్న ఇంటిపేరు చేయాలి.

నందు డిజైన్స్

సార్, మందులకి ఆ జాగ్రత్త కావాలి. సబ్బు మారితే ప్రాణాపాయం లేదు కదా. రంగు ఉంటే చాలు అనే నా అభిప్రాయం.

కౌంటర్ వెనక

ప్రాణం పోదు బాబూ. జిడ్డు ముఖం ఉన్న అమ్మాయికి వెన్న ఎక్కువున్న క్రీము వెళితే రెండు వారాలకి ముఖం నిండా కురుపులు లేవొచ్చు. ఆ అమ్మాయి ‘వన క్రీము పడలేదు’ అని పదిమందికి చెబుతుంది. ఏ వన అని చెప్పదు.

పలమనేరు బెల్లం

రంగు గురించి మా అనుభవం చెబుతా. మేం బెల్లం పొడి చేస్తాం. ఒట్టిది, శొంఠి కలిపింది, యాలకులు కలిపింది. మూడిటికీ ఒకే పేరు, ఒకే డిజైన్. లేబుల్ రంగు మాత్రం వేరు. శొంఠిది ఎరుపు, యాలకులది లేత పసుపు. పడమటి ఎండ నేరుగా పడే ఒక షాపులో అద్దం వెనక పెట్టారు. ఎండాకాలం అయ్యేసరికి ఎరుపు లేత గులాబీ అయ్యి, పసుపు తెల్లబడిపోయింది. దూరం నుంచి మూడూ ఒకటే. శొంఠి ఘాటు పడనివాళ్లు తీసుకెళ్లి వెనక్కి తెచ్చారు. ప్రింటింగ్ ఆయన్ని అడిగితే మామూలు ఇంకుల్లో ఎరుపు, పసుపు ఎండకి ముందు పోతాయి, నలుపు, నీలం నిలబడతాయి అన్నాడు. అందుకని ఇప్పుడు మేం శొంఠి, యాలకులు అనే మాటలు నల్లరంగులో పెద్దగా వేస్తున్నాం. రంగు ఉంచాం, కానీ దాని మీద ఆధారపడట్లేదు.

మీకూ మామిడికి నారింజ, పసుపుకి పసుపు అంటున్నారు. ఎండలో ఆ రెండూ చాలా దగ్గరికి వచ్చేస్తాయి అక్కా.

క్లాస్ మూడు (తిరుపతి)

ట్రేడ్‌మార్క్ దరఖాస్తులు చూసుకునే పని నాది. సబ్బులు, సౌందర్య సాధనాలు మూడో తరగతి కిందకి వస్తాయి.

నందు గారు సిరీస్ అన్నారు. చట్టంలో సిరీస్ ఉన్న మాట నిజమే, కానీ అది ఇలాంటి పేర్లకి కాదు. గుర్తులో అసలు భాగం ఒకటే ఉండి, తేడా సంఖ్య, నాణ్యత, ధర, రంగు లాంటి చిన్న విషయాల్లో మాత్రమే ఉంటే సిరీస్‌గా తీసుకుంటారు. వనజ, వనిత, వనిక వేటికవే సొంత పేర్లు. ఒక్కోదానికి ఒక్కో దరఖాస్తు. చిన్న సంస్థకి, వ్యక్తికి ఆన్‌లైన్‌లో ఒక గుర్తుకి, ఒక తరగతికి ఫీజు 4,500 రూపాయలు. ‘వన’తో కలిపి ఐదు పేర్లంటే 22,500. రేపు ఇంకో రకం తెస్తే మళ్లీ 4,500.

దీన్ని తిప్పి చూడండి. ఇంటిపేరు ఒక్కటే సొంతంగా అల్లి, దానికి మాత్రమే దరఖాస్తు పెట్టండి. రకాలకి వేప, పసుపు, కలబంద అని ఉన్నదున్నట్టు రాయండి. ఆ మాటల మీద మీకు హక్కు రాదు, అవి సరుకుని వర్ణించే మాటలు కాబట్టి ఎవరికీ రాదు. పక్కవాళ్లు కూడా వేప సబ్బు అని రాసుకుంటారు, మీరు ఆపలేరు. ఆపాల్సిన అవసరం కూడా లేదు, ఎందుకంటే మనిషి మీ దగ్గరికి ఇంటిపేరు చూసి వస్తాడు, రకం చూసి ఎంచుకుంటాడు. ఎన్ని రకాలు పెంచినా ట్రేడ్‌మార్క్ ఖర్చు పెరగదు.

కౌంటర్ వెనక గారు చెప్పింది కోర్టులు కూడా చాలాకాలంగా చెబుతున్నదే. అమృతధార, లక్ష్మణధార అనే రెండు మందుల కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1960ల మొదట్లో తీర్పు వచ్చింది. ముందు భాగాలు వేరే అయినా, మామూలు మనిషికి అరకొరగా గుర్తుండే పేరు కాబట్టి మొత్తంగా వింటే తికమక పడతాడని కోర్టు అంది. అక్కడ ఇద్దరు వేరే వ్యాపారులు. మీ దగ్గర నాలుగూ మీవే కాబట్టి కేసు ఉండదు. కానీ కొనేవాడి జ్ఞాపకం అక్కడా ఇక్కడా ఒకటే. ఈ కేసు సారుగారి మాటకి కొంచెం అడ్డం కూడా వస్తుంది. మొదలు వేరుగా ఉంటే సరిపోదు, చివర కూడా మరీ ఒకేలా ఉండకూడదు. ‘వేపశ్రీ, పసుపుశ్రీ’ లాంటివి ఆలోచిస్తుంటే అది కూడా మానేయండి.

గోవిందమాల

తిరుపతిలో చేస్తున్నారు కాబట్టి అమ్మవారి పేరు పెట్టుకుంటే శుభం కదమ్మా. ‘పద్మావతి’ అని పైన, కింద వేప, పసుపు అని. యాత్రికులు కూడా ప్రేమగా కొంటారు.

క్లాస్ మూడు

అమ్మా, భక్తి మీది, కాదనను. రెండు ఇబ్బందులున్నాయి. ఆ పేరు ఊరంతా ఉంది, ఒకరికే చెందేలా రిజిస్టర్ చేసుకోవడం చాలా కష్టం. ‘రామాయణ్’ అనే పేరు అగరబత్తుల మీద తనకే కావాలని ఒకాయన సుప్రీంకోర్టు దాకా వెళితే, పవిత్ర గ్రంథం పేరు ఏ ఒక్కరి సొత్తూ కాదని 2015లో కోర్టు చెప్పింది. రెండోది, సబ్బు కాగితం చించి బాత్‌రూమ్‌లో పడేస్తారు. దాని మీద అమ్మవారి పేరుంటే మనవాళ్లే బాధపడతారు. మతభావాలు నొచ్చుకునే గుర్తుల్ని చట్టం కూడా ఒప్పుకోదు.

గోవిందమాల

కాగితం సంగతి నాకు తట్టలేదు. నిజమే నాయనా, వద్దు.

అద్దం ముందు (చిత్తూరు)

నేను బ్యూటీ పార్లర్ నడుపుతా. ఇక్కడ అందరూ వేప, పసుపు అంటున్నారు గానీ, నా దగ్గరికి వచ్చే ఆడపిల్లలు అలా అడగరు. ‘నాది జిడ్డు ముఖం, ఏది వాడాలి?’ అంటారు. కాబట్టి పేరులోనే జిడ్డు చర్మానికి, పొడి చర్మానికి అని ఉండాలి. వేప దేనికో అందరికీ తెలుసు సరే, కలబంద దేనికి? పది మందిని అడిగితే పది మాటలు చెబుతారు.

స్వర్ణముఖి గారూ, మీ మొదటి పోస్టులో వనజ ఏ రకానికో రాయనే లేదు, గమనించారా? మీరు కూడా మాకు వేపది, పసుపుది అనే చెప్పారు.

స్వర్ణముఖి తీరం

గమనించలేదండీ. యూనిట్లో కూడా మేం అలాగే అనుకుంటాం. పిండి కలిపేటప్పుడు, అచ్చులు తీసేటప్పుడు ‘వేపది అయిందా, పసుపుది అయిందా’ అనే అంటాం.

అద్దం ముందు గారి మాట నాకు నచ్చింది. ‘జిడ్డు’ అని డబ్బా మీద పెద్దగా రాస్తే కొనడానికి మొహమాటపడతారేమో అని మాత్రం అనుమానం.

క్లాస్ మూడు

చర్మం రకాన్ని పేరుగా పెట్టడంలో మంచీ ఉంది, చెడూ ఉంది. మంచి ఏమిటంటే రేపు వేప దొరక్కపోయి వేరే దినుసు వేసినా పేరు మార్చక్కర్లేదు. దినుసు పేరైతే ఆ దినుసుకి మీరు కట్టుబడిపోతారు.

చెడు ఏమిటంటే, దినుసు పేరు ఉన్న విషయం చెబుతుంది, చర్మం పేరు ఒక మాట ఇస్తుంది. జిడ్డు చర్మానికి అన్నంత వరకు ఇబ్బంది లేదు. అక్కడి నుంచి ‘మొటిమలకి’ అని, తర్వాత ‘మొటిమలు నయం’ అని జారిపోవడం చాలా చూశాను. నయం అన్న మాట రాయగానే అది కాస్మెటిక్ కాదు, మందు కిందకి వస్తుంది, మీ లైసెన్సు దానికి సరిపోదు. పేరులోనే ఆ మాట ఉంటే ప్రతి డబ్బా మీదా ఉన్నట్టే.

ఏది తీసుకున్నా సరే, నాలుగిటికీ ఒకే కొలత వాడండి. వేప, పసుపు, పొడిచర్మం, రాత్రి క్రీము అని కలగలిపితే మాత్రం ఎవరికీ అర్థం కాదు. పొడి చర్మం ఉన్నామె రాత్రి రాసుకోవడానికి ఏది తీసుకోవాలి? రెండు డబ్బాలు ‘నేనే’ అంటాయి.

నందు డిజైన్స్

సిరీస్ గురించి సరిదిద్దినందుకు థాంక్స్ అన్నా. బెల్లం అన్న చెప్పిన ఎండ సంగతి కూడా నేను లెక్కలో వేసుకోలేదు. ఒక ఆలోచన: 1, 2, 3, 4 అని నంబర్లు వేస్తే? ఏ భాష వాళ్లకైనా అర్థమవుతుంది.

కౌంటర్ వెనక

నంబరు చూస్తే జనం వరస అనుకుంటారు బాబూ, లేకపోతే బలం అనుకుంటారు. ముందు 1 రాసుకుని తర్వాత 2 రాసుకోవాలా అని అడుగుతారు. 4 అన్నిటికన్నా గట్టిదేమో అనుకుని అదే కొంటారు. ఒకదాని తర్వాత ఒకటి వాడే సరుకైతే నంబరు సరే.

స్వర్ణముఖి తీరం

కౌంటర్ వెనక సార్ మాట విన్నాక ఒక పరీక్ష చేశాం. మా ఇద్దరి చుట్టాలకి, పాత కస్టమర్లకి కొందరికి ఫోన్ చేసి పేర్లు ఒక్కసారే చదివి వినిపించాం, రాసుకోమన్నాం. తర్వాత కొన్ని రోజులకి మళ్లీ ఫోన్ చేసి ‘జిడ్డు ముఖానికి చెప్పింది ఏది?’ అని అడిగాం. సగం మందికి పాత పేర్లు వినిపించాం, మిగతా సగానికి దినుసుల పేర్లు.

వనజ, వనిత, వనిక విన్నవాళ్లలో చాలామంది రాసుకున్నదే తప్పు. మళ్లీ అడిగినప్పుడు దాదాపు అందరూ ‘వన ఏదో’ అన్నారు. వనశ్రీ ఒక్కటే కొంచెం నిలబడింది. మా చిన్నాన్న కూతురు Vana అని ఇంగ్లిష్‌లో చూసి ‘వాన’ అని చదివింది. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో పొట్టి, పొడుగు తేడా ఉండదు కదా. అందువల్ల ఇంటిపేరు కూడా మార్చాలనే నిర్ణయానికి వచ్చేశాం.

వేప, మామిడి, పసుపు, కలబంద విన్నవాళ్లు ఒకదానికి ఒకటి మార్చుకోలేదు. కానీ మేం అనుకోనిది ఒకటి బయటపడింది. మామిడి అనగానే అందరూ పండు వాసన వస్తుందనుకున్నారు. తీసుకెళ్లిన ఒకామె ‘ఏం వాసనా లేదే’ అని అడిగింది. జీడి నుంచి తీసిన వెన్నకి పండు వాసన ఉండదు కదండీ. పైగా నాలుగు క్రీముల్లోనూ ఆ వెన్నే మూలం, పొడి చర్మం దాంట్లో ఎక్కువ అంతే. అలాంటప్పుడు ఒక్కదానికే మామిడి అనడం సరైనదేనా?

క్లాస్ మూడు

సరైనది కాదు. నాలుగింటిలోనూ ఉన్న దినుసు ఒకదాని గుర్తు కాలేదు. అది ఇంటి కథలో చెప్పుకోండి, మన జిల్లా గుజ్జు ఫ్యాక్టరీల్లో మిగిలే టెంకల నుంచి అని డబ్బా వెనక రాసుకోండి. రకానికి మాత్రం ఆ రకంలోనే ఉన్న దినుసు పేరు కావాలి.

పలమనేరు బెల్లం

‘వెన్న’ అని పెట్టండి అక్కా. పొడి చర్మానికి వెన్న అంటే టక్కున అర్థమవుతుంది.

కౌంటర్ వెనక

వెన్న, వేప రెండూ దాదాపు ఒకే అక్షరంతో మొదలు. ఇంగ్లిష్‌లో Venna, Vepa. మళ్లీ మొదటికే వచ్చాం. పైగా వెన్న అంటే పాలవెన్న అనుకుంటారు. ‘జీడి’ అన్నా కుదరదు, జీడిపప్పు అనుకుంటారు.

అమ్మా, పొడి చర్మం క్రీములో ఇంకా ఏమేం వేస్తారు?

స్వర్ణముఖి తీరం

నువ్వుల నూనె సార్, గానుగది. వెన్న తర్వాత అదే ఎక్కువ. మిగతా మూడింట్లో నువ్వుల నూనె లేదు, కొబ్బరి నూనె వాడతాం.

కౌంటర్ వెనక

ఇంకేం, నువ్వులు. వే, ను, ప, క. నాలుగు మొదళ్లూ వేరు. పలికే పొడుగు కూడా వేరు, కలబంద పొడుగు, వేప పొట్టి. ఫోన్లో చెప్పినా తేడా పోదు. మీరే మళ్లీ పరీక్ష పెట్టి చూడండి.

క్లాస్ మూడు

నాకూ నచ్చింది. ఒక్కటి చూసుకోండి. లేబుల్ వెనక దినుసులు ఎక్కువ నుంచి తక్కువకి వరసగా రాయాలి, ఒక శాతం కన్నా తక్కువ ఉన్నవి చివర ఎలాగైనా రాయొచ్చు. పేరు పెట్టిన దినుసు ఆ చివరి గుంపులో పడితే, చదివినవాళ్లకి పేరు బూటకం అనిపిస్తుంది. నువ్వుల నూనె పైనే ఉంటుంది, ఇబ్బంది లేదు. కస్తూరి పసుపు ఎంత వేస్తున్నారు?

స్వర్ణముఖి తీరం

సబ్బులో సరిపడా వేస్తాం. క్రీములో మాత్రం తక్కువండీ, ఎక్కువ వేస్తే ముఖానికి, దిండు గలీబుకి రంగు అంటుతుంది. క్రీములో అది దాదాపు చివరికే వస్తుంది.

క్లాస్ మూడు

అయితే పసుపు క్రీము పేరు గురించి ఇంకోసారి ఆలోచించండి. పసుపుని నూనెలో నానబెట్టి ఆ నూనె వాడితే రంగు తక్కువ దిగేలా చూసుకోవచ్చేమో మీ ఫార్ములా చూసేవాళ్లని అడగండి. అది కుదరకపోతే పసుపు రకంలో సబ్బు ఒక్కటే ఉంచడం మేలు. నాలుగు రకాలకీ రెండేసి సరుకులు ఉండి తీరాలని లేదు.

అద్దం ముందు

నా మాట పక్కకి పోయింది! నువ్వులు అంటే పొడి చర్మానికని మీకు తెలుసు, మాకు తెలుసు. పద్దెనిమిదేళ్ల పిల్లకి తెలియదు. చర్మం రకం మీద పెద్దగా లేకపోతే నా పార్లర్‌లో ప్రతి డబ్బాకీ నేనే వివరించాలి.

స్వర్ణముఖి తీరం

పక్కకి పోలేదండీ. ‘వేప’ అని పెద్దగా, దాని కిందే ‘జిడ్డు చర్మానికి’ అని రెండో సైజులో వేద్దామనుకుంటున్నాం. పిలిచే పేరు వేప, ఎంచుకోవడానికి కింది వరస. సరిపోతుందా?

అద్దం ముందు

కింది వరస పైదానిలో కనీసం సగం సైజు ఉండాలి. చాలామంది దాన్ని చీమతలంత వేసి వదిలేస్తారు. ఇంకోటి, ముక్కు, నుదురు జిడ్డుగా, బుగ్గలు పొడిగా ఉండేవాళ్లు చాలామంది. వాళ్లకి వేపా, నువ్వులా? దీనికి నాకైతే పేరులో జవాబు దొరకలేదు.

పలమనేరు బెల్లం

తిరుపతిలో అమ్ముతారు కాబట్టి తమిళం, కన్నడం, హిందీవాళ్లు కూడా వస్తారు. తమిళంలో వేప వేంబు, కన్నడంలో బేవు. పసుపుని వాళ్లు మంజళ్ అంటారు, వీళ్లు అరిశిన అంటారు. అందరికీ రాయలేం. ఆకు, కొమ్ము, మట్టల బొమ్మ వేసేయండి. బొమ్మ నల్ల గీతతో వేయించండి, రంగు పోయినా ఉంటుంది.

నందు డిజైన్స్

బొమ్మ నేను గీసిస్తా అక్కా. నువ్వులకి గింజలు గీస్తే ఆవాల్లా ఉంటాయి, కాయతో ఉన్న కొమ్మ గీద్దాం.

ఇంకొకటి నాకు ఇప్పుడే తట్టింది. షాపుల్లో బిల్లు మిషన్. చిన్న రోలు ప్రింటర్‌లో అడ్డంగా 32 అక్షరాలే పడతాయి. పరిమాణం, ధర పోగా సరుకు పేరుకి సుమారు 16 మిగులుతాయి. మీరు ఇంటిపేరు, ఆర్గానిక్, స్కిన్ కేర్ అన్నీ ముందు పెడితే ఏ రకమైనా బిల్లులో ఇలాగే వస్తుంది:

```
VANA ORGANIC SKI
VANA ORGANIC SKI
VANA ORGANIC SKI
```

షాపు కుర్రాడు స్క్రీన్ మీద చూసేది కూడా ఇదే. షాపుకిచ్చే సరుకుల జాబితాలో రకం ముందు, సబ్బా క్రీమా అన్నది తర్వాత, ఇంటిపేరు చివర ఉండాలి:

```
VEPA SOAP 75G
VEPA CREAM 50G
NUVVULU SOAP 75G
```

కౌంటర్ వెనక

ఇది చాలా మంచి మాట బాబూ. మా షాపులో పొరపాట్లు ఎక్కువగా ఆ స్క్రీన్ దగ్గరే వచ్చేవి. ఎనిమిదింటికీ ఎనిమిది బార్‌కోడ్‌లు తీసుకోండమ్మా. ధర ఒకటే కదా అని నాలుగు సబ్బులకి ఒకే కోడ్ వేస్తే ఏ రకం అమ్ముడవుతోందో మీకే తెలియదు.

స్వర్ణముఖి తీరం

అన్నీ రాసుకున్నాను. రకాలకి వేప, నువ్వులు, పసుపు, కలబంద ఖాయం చేశాం. పసుపు క్రీము ఇప్పటికి ఆపుతున్నాం, సబ్బు మాత్రం వస్తుంది. ‘ఆర్గానిక్’ అన్న మాటని పేరులో వేయకుండా, సర్టిఫికెట్ ఉన్న దినుసుల పక్కనే దినుసుల జాబితాలో గుర్తు పెడతాం. కుప్పం అన్న చెప్పిన కాగితాలు అక్కడ పనికొచ్చాయి.

ఇంటిపేరు మాత్రం తేలలేదు. నాకు ‘వానతడి’ ఇష్టం. మా వదినకి ‘తొలిచిగురు’. మూడో ఆమె రెండూ పొడుగే అంటోంది.

గోవిందమాల

తొలిచిగురు ఎంత బాగుందో!

అద్దం ముందు

వానతడి అంటే జిడ్డుగా, చెమ్మగా ఉంటుందేమో అనిపిస్తుంది నాకు. వేప క్రీముకి అది నప్పదు.

కౌంటర్ వెనక

‘వానతడి వేప’ అని పలికి చూడండి, ‘తొలిచిగురు వేప’ అని పలికి చూడండి. రెండోది నాలుక మీద బాగానే తిరుగుతోంది. కానీ తమిళంలో మాట మధ్యలో వచ్చే చ అక్షరాన్ని స అని పలుకుతారు. తొలిసిగురు అని చదువుతారు. దానివల్ల ఇంకో మాటతో కలవదు కాబట్టి పెద్ద నష్టమేమీ లేదు.

క్లాస్ మూడు

ఇష్టం సంగతి మీ ముగ్గురూ తేల్చుకోండి. దానికి ముందు రెండు పేర్లనీ ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ సైట్‌లో ఉచితంగా వెతకండి. తరగతి దగ్గర 3 వేసి, Wordmark లో Contains పెట్టి Chiguru అని ఒకసారి, Tadi అని ఒకసారి చూడండి. పూర్తి పేరుతో మాత్రమే వెతికితే దగ్గరి పేర్లు కనపడవు. తర్వాత Phonetic లో పూర్తి పేరు వేయండి, వేరే స్పెల్లింగ్‌తో అదే శబ్దం ఉన్నవి బయటపడతాయి. ఐదో తరగతిలో కూడా ఒకసారి చూడండి, వేప పేరుతో మందు క్రీములు అందులో ఉంటాయి.

ఏమీ అడ్డం లేకపోతే దరఖాస్తు పెట్టిన రోజు నుంచే పేరు పక్కన TM అని వేసుకోవచ్చు. వలయంలో R మాత్రం రిజిస్ట్రేషన్ వచ్చాకే వేయాలి, ముందే వేస్తే అది నేరం. లేబుళ్లు మొదటిసారి తక్కువగా ప్రింట్ చేయించండి. వెతికాక ఏం కనిపించిందో ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.